ధనంజయ ఆన్‌లైన్‌లో ఉన్నాడు

పాకాలలో స్టేషను వెనక వీధి జనానికి ఆ ఎండాకాలం కొత్త ఉద్యోగం ఒకటి దొరికింది. జీతం లేదు, సెలవు లేదు. పనల్లా బస్సుల్ని గుర్తుపట్టడం. ఫోను తెరిచినా, కంప్యూటరు తెరిచినా తొమ్మిది చిన్న బొమ్మలు ఎదురయ్యేవి. బస్సులున్న గళ్ళు నొక్కమనేవి. నొక్కితే సైకిళ్ళు చూపించమనేవి, ఆ తర్వాత మెట్లు, మెట్లు కూడా అయ్యాక మళ్ళీ బస్సులే. ఇంతకీ ఎందుకయ్యా ఈ తతంగమంటే, మీరు మనిషో కాదో మాకు అనుమానంగా ఉంది, నిరూపించుకోండి అని.

రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన సుబ్రమణ్యం దీన్ని సొంత అవమానంగా తీసుకున్నాడు. ఉద్యోగమంతా ఎదుటివాణ్ణి అడిగినవాడే తప్ప తాను జవాబు చెప్పుకున్నవాడు కాదు. డిగ్రీ చదివే రూపశ్రీ, ఎవరో చెప్పారని, రోజూ ఫోనులో చూసిన సైట్ల చరిత్రంతా తుడిచేసేది. తుడిచిన ప్రతిసారీ ఆ సైట్లు ఆమెను పూర్తిగా మర్చిపోయి, కొత్త మనిషిని చూసినట్టు చూసి, ఇంకో నాలుగు బొమ్మలు ఎక్కువ అడిగేవి. అయినా ఆ పిల్ల తుడవడం మానలేదు.

ఈ గోలంతా చివరికి వచ్చి చేరేది లోకేశ్వరి గుమ్మానికి. ఆ చుట్టుపక్కల మూడు వీధులకు ఇంటర్నెట్ ఇచ్చేది ఆమే. వ్యాపారం పెట్టింది ఆమె భర్త ధనంజయ. నిరుడు వేసవి గాలివానల్లో దామలచెరువు దారిలో స్తంభమెక్కి తీగ సరిచేస్తుంటే కరెంటు తగిలి పడ్డాడు. తిరుపతి ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. పెళ్ళయిన కొత్తలో సరదాకి నేర్పిన పనే ఇప్పుడు ఆమెకు తిండి పెడుతోంది. ముందు గదిలో ఆఫీసు, వెనక ఇల్లు. ఇంట్లో ఆమె, అత్త కుప్పమ్మ, ఇద్దరే.

గుమ్మం మీద ఇప్పటికీ ‘ధనంజయ కేబుల్ నెట్’ అనే బోర్డే ఉంది. అది దిగకూడదన్నది లోకేశ్వరి పంతం. కానీ వీధి మొదట్లో పెద్ద కంపెనీవాళ్ళు గొడుగు వేసుకుని కూర్చున్నారు. పది ఇళ్ళు అటు మళ్ళితే మిగతావి వెనకే నడుస్తాయి. అప్పుడు పంతమూ ఉండదు, బోర్డూ ఉండదు. ఆమెకు ఆ సంగతి తెలుసు, గొడుగు కింద కూర్చున్నవాళ్ళకూ తెలుసు.

సుబ్రమణ్యం భార్య ఆనందమ్మ ఒకరోజు కుళాయి దగ్గర అనేసింది. “ఆ పిల్లోడు కరెంటు తగిలి పాయె. ఆ తీగల్లోనే ఉండాడేమో మే. లేకుంటే ఇన్నేండ్లు లేంది ఇప్పుడేంది, మనిసివా కాదా అని అడిగేది?”

నవ్వాల్సిన మాటే. ఎవరూ నవ్వలేదు. లోకేశ్వరి బిందె ఎత్తుకుని వచ్చేసింది. ఆ మాట మాత్రం ఆమెతోపాటే ఇంటికొచ్చింది.

* * *

పాల్ వచ్చినరోజున సంగతి ముదిరింది. పాల్ ధనంజయకు చిన్ననాటి స్నేహితుడు. చెన్నైలో ఒక ఆసుపత్రికి బిల్లుల పని ఇంట్లో కూర్చుని చేస్తాడు.

“వదినా, మా ఆఫీసు అకౌంటుకు తాళం పడింది. అనుమానం కలిగించే పని జరగతా ఉండాదంట. నేను బిల్లులు కొట్టుకుంటా ఉంటే అనుమానమేంది?”

“ఫోను డేటా పెట్టి సూసినావా?”

“సూసినా. ఆడ గూడా అప్పుడప్పుడు అడగతాది, కానీ ఈడున్నంత లేదు. తాళం తీపిచ్చుకోని ఈ లైనెక్కేతలికి మళ్ళా పడింది. మూడోసారి పడితే మేనేజరు ఊరుకోడు.”

లోకేశ్వరి అతనికి కుర్చీ చూపించి, తనకు తెలిసిన విషయం చెప్పింది. మూడు వీధుల్లోని ఇళ్ళకు లోపల వేరువేరు నంబర్లుంటాయి, కానీ అవి ఆమె గదిలోని పెట్టె వరకే చెల్లుతాయి. ఆ పెట్టె దాటి బయటి ప్రపంచంలోకి అడుగు పెట్టగానే అందరిదీ ఒకటే నంబరు. ఇంటికొక నంబరు ఇవ్వాలంటే ప్రపంచంలో అన్ని లేవు, ఉన్నవి ఖరీదు. ఫోను కంపెనీలదీ అదే కథ, వేలమందిని ఒక్కో నంబరు వెనక నిలబెడతాయి. అందుకే అక్కడా అప్పుడప్పుడు ఆ బొమ్మలు తప్పవు.

“ఒగే వాకిట్లోంచి అందురూ పోయొస్తా ఉండామనుకో. మనలో ఎవురో బయటికి పోయి ఊరోళ్ళ తలుపులన్నీ తడతా ఉంటే, ఆడుండే కావలోడికి మన మొగాలు తెల్దు గదా. ఆ వాకిట్లోంచి వచ్చిన ప్రతివాణ్ణీ నిలబెట్టి అడగతాడు.”

“అంటే మన వీధిలో ఎవురో చేస్తా ఉండారా?”

“మనిసే చెయ్యాలని లేదు. వాళ్ళకు తెలీకుండానే ఇంట్లో ఏదో మిసను చేస్తా ఉండచ్చు.”

అతను వెళ్ళగానే ఆమె తిరుపతిలోని భానుచందర్‌కు ఫోను చేసింది. పెద్ద లైను అతని దగ్గర్నుంచే వస్తుంది. అతను ఫోనెత్తడమే ఫిర్యాదుతో ఎత్తాడు.

“నేనే చేద్దామనుకుంటా ఉండానక్కా. నీ లైను నంబరుండాదే, ఆ అడ్రసు మింద యాడాడ్నించో కంప్లయింట్లు వస్తా ఉండాయి. ఎవురెవురి అకౌంట్లలోకో పాస్‌వర్డు మింద పాస్‌వర్డు కొట్టి సూస్తా ఉండారంట, నీ లైన్లోంచి.”

“కొత్త అడ్రసు ఇయ్యప్పా.”

“ఇస్తా. ఆ మిసను లోపలే ఉంటే నాలుగు దినాల్లో అదీ చెడిపోతాది. నాకు బయట్నించి ఒగే నంబరు కనపడతాది, లోపల ఏ ఇల్లో నీకే తెలియాల. మనుసులు వాడకపోయినా వేలకొద్దీ కనెక్షన్లు తెరిసి పెట్టుకునే ఇల్లేదో సూడు. ఎక్కువ మట్టుకు ఆ చవక టీవీ పెట్టెలుంటాయే, అన్ని సినిమాలూ ఊరికే వస్తాయని కొంటారే, అవే. లోపల దొంగ ప్రోగ్రాము పెట్టే అమ్మతారు. ఎవుడో యాడో కూచోని డబ్బు కట్టి, నీ ఇంటి అడ్రసును బాడుగకు తీసుకోని వాడుకుంటాడు. తుడిసినా పోదక్కా అది, పెట్టెతోనే పుట్టింటాది. పీకి పారెయ్యడమే.”

* * *

మరి ఆమె ముందే ఎందుకు చూడలేదని అడగొచ్చు. చూసింది. సుబ్రమణ్యం ఇల్లు చూసింది, రూపశ్రీ వాళ్ళ మేడ చూసింది, రెండు దుకాణాలు, ఒక హాస్టలు చూసింది. ఎవరి లైను తీగ పీకినా బొమ్మల గోల ఆగలేదు. ఆమె కంప్యూటరులో ఏ ఇల్లు ఇప్పుడు లైన్లో ఉందో పేర్లతో సహా కనబడుతుంది. అందులో ఒక పేరు దగ్గర మాత్రం ఆమె కన్ను ఆగేది కాదు. ఏడాదిగా ఆగలేదు. నడిచేవాడు దారిలో గుంటను తెలియకుండానే దాటేస్తాడే, అలాగే దాటేసేది.

ఆ మధ్యాహ్నం దాటకుండా ఆగింది.

ధనంజయ. పేరు పక్కన పచ్చ చుక్క. లైన్లో ఉన్నాడు.

సొంత ఇంటి కనెక్షనుకు అతనే తన పేరు పెట్టుకున్నాడు. అందులో వింతేమీ లేదు. ఆమె ఆ పేరు మీద నొక్కింది. సినిమా చూసే ఇంట్లో కనెక్షన్లు వందల్లో ఉంటాయి. ఇక్కడ వేలు దాటాయి, కళ్ళ ముందే ఇంకా పెరుగుతున్నాయి. ఎక్కడెక్కడి దేశాల నంబర్లో వరసగా పుడుతున్నాయి, చస్తున్నాయి, వాటి చోట కొత్తవి పుడుతున్నాయి. లోపలికి వచ్చేదాని కంటే బయటికి పోయేది ఎక్కువ. ఇంట్లో ఎవరూ ఏమీ ముట్టుకోవడం లేదు. వెనక గదిలో కుప్పమ్మ గురక వినబడుతోంది.

లోకేశ్వరికి ఒళ్ళు జలదరించింది. భానుచందర్ చెప్పింది చెవుల్లోనే ఉంది, ఇది దొంగ ప్రోగ్రామని ఆమెకు స్పష్టంగా తెలుసు. అలాంటి టీవీ పెట్టెనే ధనంజయ చెన్నై నుంచి తెచ్చి వాళ్ళమ్మ గదిలో పెట్టాడు. తెలిసి కూడా ఆమె కుర్చీలోంచి లేవలేదు. చచ్చిపోయిన మనిషి పేరు కళ్ళ ముందు క్షణం తీరిక లేకుండా పని చేస్తోంది. అతను బతికున్నప్పుడూ అంతే, ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదు. ఆమె మౌసు మీద చెయ్యి వేసి అలాగే చూస్తూ ఉండిపోయింది. కాఫీ తొరక కట్టింది.

మర్నాడూ చూసింది. ఆ మర్నాడూ చూసింది. పాల్ ఫోను చేస్తే ‘ఎతకతా ఉండానప్పా’ అంది. అబద్ధం ఆడుతున్నానన్న భయం కన్నా, ఆపేస్తే ఆ పచ్చ చుక్క ఆరిపోతుందన్న భయమే పెద్దదయింది. ఊళ్ళోవాళ్ళు బస్సులు నొక్కుకుంటూ చస్తుంటే, తాను మాత్రం తలుపు దగ్గరగా వేసుకుని మొగుడి పేరుతో కాపురం చేసింది. దెయ్యం పట్టడమంటే జుట్టు విరబోసుకుని ఊగడం ఒక్కటే కాదు.

ఒకసారి ఆ తెరతో పైకే మాట్లాడింది. “యాడికి పోతా ఉండావు? ఇంతమందితో నీకేం పని?” అంది. అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. తన గొంతు తనకే పరాయిగా వినబడి దడుచుకుంది.

* * *

నాలుగో రోజు గొడుగు కింద ఆనందమ్మ నిలబడి ఉండడం కిటికీలోంచి కనబడింది. లోకేశ్వరి ఆ పేరును తన కంప్యూటరులోంచే ఆపేసింది. చుక్క బూడిద రంగుకు తిరిగింది. టీవీ పెట్టె అత్త గదిలో ఉంటే ఉండనీ, దానికి బయటికి దారి లేకపోతే చాలు కదా అనుకుంది. తెలివైన పనే. పావుగంట నిలబడలేదు.

వెనక తలుపు తెరుచుకుంది. కొడుకు పోయినప్పట్నుంచి ముందు గదిలోకి అడుగు పెట్టని కుప్పమ్మ, గోడ పట్టుకుని వచ్చి నిలబడింది.

“మే లోకా, ఆడ లైటు ఎర్రగా తిరిగిండాది. ఏం జేసినావు?”

“లైను పనుండాదత్తా.”

“పనంట పని. పెట్టు. ఇప్పుడే పెట్టు. నా కొడుకు పెట్టింది ఎప్పుడూ నీలంగా ఉండేది ఎర్రగా ఎట్ట ఉంటాది? పెడతావా, నన్ను గూడా పంపిచ్చేస్తావా?”

ముసలామె గుమ్మం వదలలేదు. లోకేశ్వరి మళ్ళీ నొక్కింది. పచ్చ చుక్క వచ్చింది, కనెక్షన్లు బిలబిలమంటూ లేచాయి. సిగ్గుపడింది నిజమే. దానికంటే ముందు గుండె తేలికపడింది. అది ఆమె ఎవరికీ చెప్పుకోలేని సంగతి.

ఆ సాయంత్రమే పాల్ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

“మూడోసారి పడింది వదినా. రేపట్నించి వేరే లైను పెట్టుకోని అయినా పని చెయ్యి, లేదంటే మానుకో అన్నారు. నేను పోతే నా ఎనక ఎంతమంది పోతారో నాకు తెలుసు. అన్న పెట్టిన మొదటి కనెక్షను నాదే గదా, అందుకని ముందుగా నీతోనే సెప్పి పోదామని వచ్చినా.” అతను గుమ్మం మీది బోర్డు వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడుతున్నాడు. “ఎవురిల్లో దొరికిందా?”

“దొరికింది” అంది లోకేశ్వరి. “రేపటి మద్ద్యాన్నం దాకా ఉండు పాల్. ఆపైన నీ ఇష్టం.”

* * *

ఆ తర్వాత జరిగిన వ్యాపారం సంగతి ముందే చెప్పేస్తాను. భానుచందర్ కొత్త అడ్రసు ఇచ్చాడు. అది మచ్చ లేనిదేమీ కాదు, దాన్ని కూడా అంతకుముందు ఎవరో వాడుకున్నదే. అందుకని బొమ్మలు ఒక్కసారిగా మాయం కాలేదు, తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఎప్పుడో ఒకటిగా మిగిలాయి. పాల్ వెళ్ళలేదు. ఆనందమ్మ వెళ్ళి, గొడుగువాళ్ళ లైనులో కూడా బస్సులే అడుగుతుంటే తిట్టుకుంటూ వెనక్కి వచ్చింది. బోర్డు గుమ్మం మీదే ఉంది. ఇవన్నీ తర్వాతి మాటలు. పాల్‌కు చెప్పిన ఆ మధ్యాహ్నం మాత్రం లోకేశ్వరికి ఇవేవీ తెలియవు.

అన్నాలయ్యాక ఆమె అత్త గదిలోకి వెళ్ళింది. ధనంజయ చొక్కా ఇంకా కొక్కేనికే ఉంది. ఫోటో కట్టించి తెచ్చారు కానీ దానికి దండ వెయ్యనివ్వలేదు కుప్పమ్మ, సంవత్సరీకంనాడు కూడా వెయ్యనివ్వలేదు. కిటికీ మూసి ఉన్న ఆ గదిలో టీవీ నల్లగా ఉంది. దాని కింద అరచేతంత పెట్టె, నీలం వెలుగు. కుప్పమ్మ దాని పక్కనే చాప వేసుకుని, పెట్టె మీద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. జ్వరమొచ్చిన బిడ్డ నుదురు మీద చెయ్యి పెట్టినట్టుంది.

“అత్తా, ఇది ఆపెయ్యాల.”

“ఆపకూడదు.” కుప్పమ్మ లేవలేదు. కోపం కూడా లేదు గొంతులో. “ఆ పొద్దు స్తంభమెక్కేదానికి పోతా పోతా వాడే సెప్పినాడు. దీంట్లోకి ఏందో సినిమా ఎక్కతా ఉండాది మా, నేనొచ్చేదాకా ఆపద్దు అన్నాడు. నేనెట్ట ఆపేది? ఆపితే ఇంగ వాడు రాడని నేను ఒప్పుకున్నట్టే గదా మే.”

ఏడాదిగా ఇద్దరే ఉంటున్న ఇంట్లో లోకేశ్వరికి తెలియని మాట అది. ముందు గదిలో తాను, వెనక గదిలో ఈమె, ఇద్దరూ ఒకే దీపానికి చెరో వైపు కూర్చుని ఉన్నారు. ఒకరికొకరు చెప్పుకోలేదు. లోకేశ్వరి చాప మీద కూలబడింది.

“పట్టుకోని సూడు” అంది కుప్పమ్మ. “ఎప్పుడూ వెచ్చగా ఉంటాది. టీవీ పెట్టకపోయినా వెచ్చగానే ఉంటాది. ఉత్త మిసనయితే అట్టుంటాదా?”

లోకేశ్వరి చెయ్యి పెట్టింది. నిజమే, వేడిగా ఉంది. లోపల సన్నగా ఏదో కొట్టుకుంటున్నట్టు కూడా అనిపించింది. ఔనని ఒక్క మాట అనేస్తే చాలు, ఇద్దరూ ఈ గదిలో ఎన్నాళ్ళయినా ఇలాగే ఉండిపోవచ్చు. బోర్డు పోతే పోయింది. ఆమెకు నిజంగా అలాగే అనాలనిపించింది.

“అత్తా, నేను గూడా నాలుగు దినాలు అట్టే అనుకున్న్యా. కంప్యూటర్లో ఆయన పేరు సూసుకుంటా కూచున్న్యా. పాల్‌కు అబద్దం సెప్పినా.” పెట్టె మీది చెయ్యి తీసేసింది. “ఇది పని చేస్తా ఉండాది కాబట్టి కాలతా ఉండాది. ఎవురో మొగం తెలీనోళ్ళు, యాడో కూచోని, దీంట్లోంచి వచ్చి పోతా ఉండారు. ఆయన పేరు పెట్టుకోని ఊరోళ్ళ అకౌంట్లకు తాళాలు తీసి సూస్తా ఉండారు. దొంగతనాలత్తా. కొన్నప్పట్నించీ ఉండారు, ఈ ఎండాకాలమే ఎక్కువయినారు. ఆయనకూ తెలీదు పాపం.”

కుప్పమ్మ లేచి కూర్చుంది. పెట్టె మీదికి వంగింది. నీలం వెలుగు ఆమె ముడతల మీద పడుతోంది.

“అయితే ఇన్ని దినాలు ఈడ, నా పక్కన, రాత్రీ పగలూ ఉండింది ఎవురు?”

“ఎవురూ లేరత్తా.”

“నా కొడుకు?”

లోకేశ్వరి తల అడ్డంగా ఊపింది. ఆ ఊపడం ఆమె తనకోసం కూడా ఊపుకుంది, ఈ ఏడాదిలో మొదటిసారి.

“నా కొడుకు ఒగరి సొమ్ము ముట్టినోడు కాదు” అంది కుప్పమ్మ. “వాని పేరుతో దొంగలా?” చెయ్యి చాపి తీగ పట్టుకుంది, కానీ లాగలేకపోయింది. వేళ్ళు పట్టు తప్పాయి. లోకేశ్వరి తన చెయ్యి ఆ చేతి మీద వేసింది. ఇద్దరూ కలిసి లాగారు.

వెలుగు పోయింది. గదిలో ఇన్నాళ్ళూ ఒక సన్నటి రొద ఉండేదని అది ఆగాకగానీ తెలియలేదు.

కుప్పమ్మ పెట్టెను ఒళ్ళోకి తీసుకుంది. రెండు చేతులతో పొదువుకుంది. కొడుకును ఆసుపత్రి నుంచి తెచ్చినప్పుడు ఒళ్ళంతా గుడ్డ చుట్టి తెచ్చారు, కరెంటు తగిలిన ఒళ్ళు, తల్లి చూడొద్దని మగవాళ్ళు ముట్టుకోనివ్వలేదు. ఆమె ఆ రోజు ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. గుండె రాయి అన్నారు అందరూ. ఇప్పుడు ఆమె పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. లోకేశ్వరి పక్కన కూర్చుంది. వీధిలో ఎవరో ఐస్ బండివాడు అరుచుకుంటూ పోయాడు.

కాసేపయ్యాక కుప్పమ్మ అరచెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపు ఆనించి చూసింది.

“సల్లబడినాడు మే” అంది.

అని, అప్పుడు మొదలుపెట్టింది ఏడుపు.